ముందు జాక్ ఎందుకు మూగబోతుంది?

సీపీయూ ముందువైపు ఉన్న హెడ్‌ఫోన్ గుంటలో పిన్ను పెడతాం. చడీచప్పుడూ ఉండదు. అదే పిన్నును వెనకవైపు ఆకుపచ్చ గుంటలో పెడితే పాట శుభ్రంగా వినిపిస్తుంది. మైకు సంగతీ అంతే. ముందు పెడితే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టదు, ఒక్కోసారి గుర్తుపట్టినా మన గొంతు అవతలివాళ్లకు చేరదు. చాలా ఇళ్లలో దీనికి ‘జాక్ పోయింది’ అని పేరు పెట్టేసి, వెనక్కి వంగి పిన్ను మార్చుకోవడం అలవాటు చేసుకుంటారు. నేను చూసినంతలో ఇలాంటి గుంటలు చాలావరకు బాగానే ఉంటాయి. తేడా వేరే చోట ఉంటుంది, అదీ రెండు రకాలుగా.

మొదటిది, పిన్ను లోపలికి వచ్చిందన్న కబురు కంప్యూటర్‌కు అందకపోవడం. రెండోది, కబురు అందినా పిన్ను మీది లోహపు ముక్కలూ గుంటలోని రేకులూ ఒకదానికొకటి సరైన చోట తగలకపోవడం. ఈ రెండూ వేరువేరు జబ్బులు, మందులూ వేరు. ఒకదాని మందు రెండోదానికి వాడినందువల్లే డ్రైవర్లు పదిసార్లు ఎక్కించినా, విండోస్ మొత్తం మార్చినా ఫలితం కనబడదు.

వెనకవైపు గుంటలు నేరుగా మదర్‌బోర్డుకే అతికించి ఉంటాయి. ముందువైపువి అలా కాదు. అవి క్యాబినెట్‌లో భాగం. వాటి నుంచి ఒక సన్నని కేబుల్ బయల్దేరి, క్యాబినెట్ అడుగు భాగం దాటి, మదర్‌బోర్డు కింది అంచున సాధారణంగా ఎడమ మూల ఉండే తొమ్మిది పిన్నుల వరుసలో దిగుతుంది. కాబట్టి వెనక పనిచేసి ముందు పనిచేయకపోతే హెడ్‌ఫోన్ మంచిదే, సౌండ్ చిప్ మంచిదే అని తేలిపోయినట్టు. ఇక అనుమానించాల్సింది ఈ కేబులునూ, అది దిగిన చోటునూ.

పిన్ను వచ్చిందని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుందో చూద్దాం. ముందువైపు గుంటలో శబ్దాన్ని మోసే రేకులతో పాటు బుల్లి స్విచ్ ఒకటి ఉంటుంది. పిన్ను లోపలికి వెళ్లగానే అది నొక్కుకుంటుంది. హెడ్‌ఫోన్ గుంటకో స్విచ్, మైకు గుంటకో స్విచ్. మదర్‌బోర్డు మీద ఒక్కో స్విచ్ దారిలో ఒక్కో విలువ గల రెసిస్టర్ పెడతారు. మామూలుగా ఒకటి 20 కిలో ఓములు, ఇంకోటి 39.2 కిలో ఓములు. చిప్ ఆ నిరోధాన్ని కొలిచి ఏ గుంటలో పిన్ను పడిందో తెలుసుకుంటుంది. ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతి ఇది. స్విచ్ నుంచి సంకేతం రాకపోతే గుంట ఖాళీగా ఉందనే చిప్ లెక్క. అప్పుడు ముందువైపుకు శబ్దం పంపదు.

దీనికి ముందు ఏసీ’97 అనే పద్ధతి ఉండేది. అదీ ఇంటెల్‌దే, పేరులోని అంకె 1997కి గుర్తు. అందులో చిప్‌కు కబురు చెప్పే తీగలే లేవు. శబ్దం మదర్‌బోర్డు నుంచి ముందు గుంట దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరిగొచ్చి వెనక స్పీకర్లకు చేరేది. ముందు హెడ్‌ఫోన్ పెడితే గుంటలోని రేకు పక్కకు జరిగి ఆ తిరుగుదారి తెగిపోయేది. స్పీకర్లు ఆగిపోయేవి. అంతా మెకానికల్ వ్యవహారం, చిప్‌కు ఏమీ తెలియదు. ఆ రోజుల్లో ముందు ప్యానెల్ కలపకపోతే వెనక్కూడా శబ్దం వచ్చేది కాదు. అందుకే బోర్డుతో పాటు 5–6 పిన్నులకు ఒకటి, 9–10 పిన్నులకు ఒకటి చిన్న జంపర్లు వచ్చేవి. పాత మెకానిక్‌లకు గుర్తుండే ఉంటుంది.

చిక్కంతా ఎక్కడంటే, రెండు పద్ధతులకూ మదర్‌బోర్డు మీద పిన్నుల అమరిక ఆకారం ఒక్కటే. రెండు వరుసల్లో పది చోట్లు, ఎనిమిదో చోట పిన్ను ఉండదు. ఆకారం ఒకటే కాబట్టి ఏసీ’97 కనెక్టర్ హెచ్‌డీ ఆడియో బోర్డులోనూ హాయిగా దిగిపోతుంది. దిగుతుంది గానీ పని చేయదు. చాలాకాలం పాటు క్యాబినెట్ కంపెనీలు ఒకే కేబులుకు రెండు కనెక్టర్లు వేలాడదీసి పంపాయి. ఒకదాని మీద హెచ్‌డీ ఆడియో అనీ, రెండోదాని మీద ఏసీ’97 అనీ రాసి ఉంటుంది. చీకటి మూలలో టార్చ్ పట్టుకుని బిగించేవాడి చేతికి ముందు ఏది అందితే అది వెళ్లిపోతుంది.

మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడి కంప్యూటర్ దగ్గర ఈ రెండు జబ్బులూ ఒకేసారి తగిలాయి. పాత క్యాబినెట్, కొత్త మదర్‌బోర్డు. ఎంసెట్ కోచింగ్ ఆన్‌లైన్‌లో వింటాడు, సందేహాలు మైకులో అడగాలి. ముందు గుంటలో హెడ్‌సెట్ పెడితే వినబడదు, మాట్లాడినా సార్‌కు వినిపించదు. ‘అంకుల్, జాక్ మార్పించాలంటున్నారు’ అన్నాడు. మార్పించే ముందు ఓ పని చేయమన్నాను. విండోస్ మీట, R కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇది టైప్ చేయాలి:

```
mmsys.cpl
```

పాత సౌండ్ కిటికీ తెరుచుకుంటుంది. సెట్టింగ్స్‌లో వెతుక్కునే కన్నా ఇదే దగ్గరి దారి. అందులో Playback జాబితా మీద ఖాళీ చోట కుడి క్లిక్ చేసి Show Disabled Devices, Show Disconnected Devices రెండూ టిక్ పెట్టించాను. హెడ్‌ఫోన్ పేరు కింద Not plugged in అని ఉంది, బొమ్మ మీద ఎర్ర బాణం. ఆ కిటికీ చూస్తూనే పిన్ను తీసి పెట్టమన్నాను. అక్షరం కూడా మారలేదు. అదే పిన్నును వెనక పెడితే వెంటనే ఆ గుంట పక్కన పచ్చ టిక్కు పడింది. అంటే ముందు స్విచ్ చెప్పే కబురు చిప్‌కు చేరడం లేదు. ఇది విండోస్ లోపం కాదని అక్కడే తేలింది.

కరెంట్ ప్లగ్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్ ఓసారి నొక్కి లోపల మిగిలిన చార్జీ పోనిచ్చాం. పక్క డోరు తీశాం. బోర్డు కింది అంచున ఎడమ మూల `F_AUDIO` అని ముద్రించిన చోట కనెక్టర్ దిగే ఉంది, గట్టిగానే ఉంది. దాని మీద మాత్రం ఏసీ’97 అని ఉంది. హెచ్‌డీ ఆడియో అని రాసిన కనెక్టర్ పక్కనే ప్లాస్టిక్ టైతో కట్టి ఖాళీగా వేలాడుతోంది. మొదటిది లాగి రెండోది పెట్టాం. కంప్యూటర్ వేసి హెడ్‌సెట్ పిన్ను దించగానే జాబితాలో పచ్చ టిక్కు, చెవిలో శబ్దం. కుర్రాడి ముఖం వెలిగింది. మైకు మాత్రం ఇంకా పలకలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ ముద్ర అన్ని బోర్డుల మీదా ఒకేలా ఉండదు. గిగాబైట్ బోర్డుల మీద `F_AUDIO`, అసుస్ మీద `AAFP`, ఎంఎస్‌ఐ మీద `JAUD1`, ఏఎస్‌రాక్ మీద `HD_AUDIO1` అని కనబడుతుంది. దాని పక్కనే అదే సైజులో యూఎస్‌బీ పిన్నుల వరుస కూడా ఉంటుంది. దానికీ తొమ్మిది పిన్నులే. తేడా ఖాళీ చోటులో ఉంది: ఆడియో వరుసలో ఖాళీ చోటు చివరి నుంచి రెండోది, యూఎస్‌బీలో సరిగ్గా మూల మీదిది. కనెక్టర్ దిగకపోతే బలం చూపించకండి. యూఎస్‌బీ వరుసలో 5 వోల్టుల కరెంటు ఉంటుంది, అక్కడ ఆడియో కనెక్టర్ ఇరికిస్తే బోర్డుకే ప్రమాదం.

మరి క్యాబినెట్‌లో ఏసీ’97 కనెక్టర్ ఒక్కటే ఉంటే? పదిహేనేళ్ల నాటి క్యాబినెట్లలో అదీ జరుగుతుంది. అప్పుడు చిప్‌ను కబురు కోసం చూడవద్దని చెప్పడమే దారి. రియల్‌టెక్ పాత ఆడియో మేనేజర్‌లో కుడివైపు పైన చిన్న ఫోల్డర్ బొమ్మ ఉంటుంది. అది నొక్కితే Disable front panel jack detection అనే గడి వస్తుంది, టిక్ పెట్టాలి. కొన్ని బోర్డుల బయోస్‌లో ముందు ప్యానెల్ రకాన్ని HD నుంచి AC97కి మార్చే వీలూ ఉంటుంది. దీనితో శబ్దం వస్తుంది. కాకపోతే హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లు వాటంతటవే ఆగడం లాంటి సౌకర్యాలు పోతాయి. హెచ్‌డీ కనెక్టర్ సరిగ్గా ఉన్నవాళ్లు ఈ గడి జోలికి పోనక్కరలేదు. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని టిక్ పెట్టి, తర్వాత స్పీకర్లు ఎందుకు ఆగడం లేదని తల పట్టుకునేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మైకు. కుర్రాడి హెడ్‌సెట్‌కు ఒక్కటే పిన్ను, ఫోన్‌తో వాడే రకం. ముందు ప్యానెల్ మీద రెండు గుంటలు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి గులాబీ. వాడు మైకు కావాలన్నప్పుడు అదే పిన్నును గులాబీ గుంటలో పెట్టేవాడు. mmsys.cpl కిటికీలో Recording జాబితాకు వెళితే మైక్రోఫోన్ పక్కన పచ్చ టిక్కు పడింది. అంటే కబురు అందింది. కానీ మాట్లాడుతుంటే పక్కనున్న గీతలు పైకి లేవాలి, లేవలేదు. ఇదీ రెండో జబ్బు లక్షణం. టిక్కు లేకపోతే కబురు సమస్య, టిక్కు ఉండి గీతలు కదలకపోతే తాకిడి సమస్య. స్విచ్‌కు తెలిసేది ఏదో పిన్ను వచ్చిందని మాత్రమే. అది ఏ రకం పిన్నో స్విచ్‌కు తెలియదు.

పిన్నును వెలుతురులో పట్టుకుని చూడండి. లోహపు కడ్డీ మీద నల్లవో తెల్లవో సన్నని ప్లాస్టిక్ గీతలు ఉంటాయి. అవి లోహాన్ని ముక్కలుగా విడదీస్తాయి. ఒక గీత ఉంటే రెండు ముక్కలు, రెండు గీతలుంటే మూడు, మూడుంటే నాలుగు. కొనను టిప్ అని, మధ్య ముక్కలను రింగ్ అని, తీగవైపు చివరి ముక్కను స్లీవ్ అని అంటారు. ఈ మొదటి అక్షరాలతోనే రకాల పేర్లు వచ్చాయి. రెండు ముక్కలది టీఎస్. మూడు ముక్కలది టీఆర్‌ఎస్. తెలంగాణలో ఈ మూడక్షరాలు వింటే ఇంకేదో గుర్తొస్తుంది గానీ, ఇది అంతకన్నా చాలా పాతది. నాలుగు ముక్కలది టీఆర్‌ఆర్‌ఎస్.

మూడు ముక్కల హెడ్‌ఫోన్ పిన్నులో కొనకు ఎడమ చెవి, రింగుకు కుడి చెవి, స్లీవ్‌కు రెండింటికీ ఉమ్మడి గ్రౌండు. మైకు పెట్టడానికి అందులో చోటు లేదు. అందుకే కంప్యూటర్లకు మైకు కోసం విడిగా గులాబీ గుంట పెట్టారు. ఆ గుంటలోకి వచ్చే మైకు పిన్ను కూడా మూడు ముక్కలదే, కానీ పంపకం వేరు: కొన మీద మన గొంతు వస్తుంది, రింగు మీద మైకుకు కావలసిన కొద్దిపాటి కరెంటు కంప్యూటర్ నుంచి వెళుతుంది. హెడ్‌సెట్లలో ఉండే బుల్లి ఎలక్ట్రెట్ మైకుకు ఆ రెండు మూడు వోల్టులు అందకపోతే అది నోరు మెదపదు.

ఫోన్లో ఒక్క గుంటే ఉంటుంది కాబట్టి నాలుగో ముక్క పుట్టింది. ఇప్పుడు ఆ గుంట ఉన్న ఫోన్లు దాదాపు అన్నీ వాడే సీటీఐఏ పంపకంలో కొన ఎడమ, మొదటి రింగు కుడి, రెండో రింగు గ్రౌండు, స్లీవ్ మైకు. ఈ పిన్నును కంప్యూటర్ గులాబీ గుంటలో పెడితే ఏమవుతుందో ఇప్పుడు చూడండి. మైకు శబ్దం కోసం ఎదురుచూస్తున్న రేకు పిన్ను కొనకు తగులుతుంది. కొన మీద ఉన్నది ఎడమ చెవి స్పీకరు! అసలు మైకు ఉన్న స్లీవ్‌ను అడిగేవాడే లేడు. చెవిలో పెట్టుకునే స్పీకరు కూడా లోపల తీగచుట్టే కాబట్టి, ఎడమ చెవి దగ్గర గట్టిగా అరిస్తే కొన్నిసార్లు గీతలు కొద్దిగా కదులుతాయి. మా కుర్రాడు అది చూసి, ‘అంకుల్, చెవిలో మాట్లాడితే వినిపిస్తోంది’ అని తెగ నవ్వాడు.

దీనికి మందు ఓ చిన్న వై ఆకారపు కేబులు. ఇది కొనడంలోనే ఎక్కువమంది పొరబడతారు. దుకాణంలో స్ప్లిటర్ ఇవ్వమంటే మూడు రకాల్లో ఏదైనా ఇవ్వొచ్చు, చూడ్డానికి మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. మనకు కావలసినదానికి ఒకవైపు ఒక్క గుంట, రెండోవైపు రెండు పిన్నులు ఉండాలి. ఆ రెండు పిన్నుల మీదా రెండేసి గీతలు, ఒకటి ఆకుపచ్చ లేదా హెడ్‌ఫోన్ బొమ్మ, ఇంకోటి గులాబీ లేదా మైకు బొమ్మ. ఫోన్ హెడ్‌సెట్‌ను ఈ గుంటలో పెట్టి, రెండు పిన్నులను కంప్యూటర్‌లో రెండు గుంటల్లో పెట్టాలి. దీనికి తిరగేసినది ఇంకోటి ఉంది: రెండు గుంటలు, మూడు గీతల పిన్ను ఒకటి. అది రెండు పిన్నుల కంప్యూటర్ హెడ్‌సెట్‌ను ఫోన్‌కు తగిలించడానికి. మూడోదానికీ రెండు గుంటలే, కానీ పిన్ను మీద రెండే గీతలు. ఇద్దరు ఒకే పాట వినడానికి తప్ప దానికి మైకు ఊసే తెలియదు. కుర్రాడు మొదట తెచ్చుకున్నది ఇదే. పిన్ను మీద గీతలు లెక్కపెట్టి మార్చుకుని రమ్మంటే తెచ్చాడు, గీతలు లేచాయి.

నాలుగు ముక్కల్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాత ఫోన్లతో వచ్చిన కొన్ని హెడ్‌సెట్లలో పంపకం ఓఎంటీపీ అనే రకం. అందులో రెండో రింగు మైకు, స్లీవ్ గ్రౌండు, అంటే సీటీఐఏకు సరిగ్గా తిరకాసు. దాన్ని ఇప్పటి ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో పెడితే వచ్చే లక్షణం చాలా వింతగా ఉంటుంది. సినిమా పాటలో వయొలిన్లు, కోరస్ దూరంగా వినిపిస్తాయి, గాయకుడి గొంతు మాత్రం మాయమవుతుంది. గ్రౌండు సరిగా తగలక ఎడమ, కుడి శబ్దాలు ఒకదాన్నుంచి ఒకటి తీసివేసుకుంటాయి. గాయకుడి గొంతు రెండువైపులా సమానంగా రికార్డు చేస్తారు కాబట్టి అది చెరిగిపోతుంది. హెడ్‌సెట్ మీది కాల్ ఎత్తే బటన్ నొక్కి పట్టుకోండి. గొంతు తిరిగి వస్తే ఇదే జబ్బు. ఆ బటన్ మైకునూ గ్రౌండునూ కలిపేస్తుంది మరి. పిన్ను గుంటలోకి పూర్తిగా దిగకపోయినా ఇలాగే గొంతు పోతుంది. ముఖ్యంగా ఫోన్ కవరు మందంగా ఉండి పిన్ను చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటే ఉండిపోయినప్పుడు.

ఈ మధ్య ల్యాప్‌టాప్‌ల మీద ఒక్క గుంటే ఉండి, పక్కన హెడ్‌ఫోన్‌కు మైకు తగిలించిన బొమ్మ ఉంటుంది. అది నాలుగు ముక్కలది, కొత్త క్యాబినెట్లలోనూ కొన్నింటికి అదే పెడుతున్నారు. దానికి ఫోన్ హెడ్‌సెట్ నేరుగా సరిపోతుంది. విడి మైకు మాత్రం అందులో పనిచేయదు, పైన చెప్పిన తిరగేసిన స్ప్లిటర్ కావాలి. పిన్ను పెట్టగానే మీరు పెట్టింది హెడ్‌ఫోనా, హెడ్‌సెట్టా అని కొన్ని ల్యాప్‌టాప్‌లు అడుగుతాయి. చూడకుండా హెడ్‌ఫోన్ అని నొక్కేస్తే మైకు పోయినట్టే. పిన్ను తీసి పెట్టి మళ్లీ చెప్పాలి.

భజన మండళ్లలో, కరోకేలో వాడే చేతి మైకుకు ఉండేది 6.35 మిల్లీమీటర్ల లావు పిన్ను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు లైన్లు కలపడానికి వాడిన పిన్నుకు ఇదే వారసుడు. దానికి 3.5కి మార్చే అడాప్టర్ తగిలించి గులాబీ గుంటలో పెడితే దిగుతుంది గానీ గొంతు చీమ పలికినట్టు వస్తుంది. ఆ మైకులు ఇచ్చే వోల్టేజీ చాలా తక్కువ, వాటికి మధ్యలో ఓ చిన్న మిక్సరో, ఆడియో ఇంటర్‌ఫేసో ఉండాలి.

కనెక్టర్ సరిగ్గా ఉండి, పిన్ను సరైనదై, గీతలు కూడా కదులుతుంటే మాత్రం మిగిలింది విండోస్‌లో అనుమతి. సెట్టింగ్స్‌లో Privacy లోకి వెళ్లి Microphone తెరిచి, డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి ఉందో లేదో చూడాలి. తర్వాత క్లాసు నడిచే యాప్ లోపల కూడా మైకు ఏది ఎంచుకుందో చూడాలి. వెబ్‌క్యామ్‌లో ఓ మైకు ఉంటే యాప్ దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. వినే వైపు కూడా ఇలాంటిదే ఒకటుంది: మానిటర్‌ను హెచ్‌డీఎంఐతో కలిపితే, దానికి స్పీకర్లు లేకపోయినా శబ్దం అటే పోతుంటుంది.

ఇక గుంట నిజంగానే పాడైతే ఎలా తెలుస్తుంది? పిన్నును వేలితో కొద్దిగా పక్కకు వంచితే శబ్దం వచ్చి, వదిలితే పోతుంటే లోపలి టంకం విడిచిందనుకోవచ్చు. పిన్ను తీసేసినా జాబితాలో పచ్చ టిక్కు అలాగే ఉండి, వెనక స్పీకర్లు పలకకపోతే బుల్లి స్విచ్ నొక్కుకుని ఇరుక్కుపోయింది. దాని కోసం పిన్నును పదిసార్లు దించి తీస్తే కొన్నిసార్లు విడుస్తుంది. విడవకపోతే ముందు ప్యానెల్‌లోని చిన్న బోర్డు మార్చాలి, పాత క్యాబినెట్‌కు అది విడిగా దొరకడం కష్టం. అప్పుడు ముందువైపు యూఎస్‌బీలో పెట్టుకునే చిన్న సౌండ్ అడాప్టర్ కొనుక్కోవచ్చు. దానికి సొంత చిప్ ఉంటుంది కాబట్టి మదర్‌బోర్డు కేబులుతో పనే లేదు. కొనేటప్పుడు మాత్రం దాని మీద రెండు గుంటలున్నాయో, నాలుగు ముక్కల పిన్నుకు సరిపోయే ఒక్క గుంట ఉందో చూసి, మీ హెడ్‌సెట్ పిన్ను మీది గీతలు లెక్కపెట్టుకుని తీసుకోండి.